అటు 60, ఇటు 40 అయితే సగటు 50 ఎందుకు కాదు?

"అయ్యా, మా అమ్మాయి లెక్కల పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది. ఒక కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక చోటికి వెళ్ళి, అదే దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చింది, మొత్తం ప్రయాణంలో సగటు వేగమెంత అని. నేను 50 అని చెప్పాను. పుస్తకం చివర 48 అని ఉంది. 2ab/(a+b) అనే సూత్రంలో వేస్తే 48 వస్తోంది, కాదనను. కానీ అటు ఎంత దూరమో ఇటూ అంతే దూరమైనప్పుడు రెండు వేగాలకూ సమానమైన విలువ ఎందుకు ఇవ్వకూడదు? పైగా దూరమెంతో చెప్పకుండానే జవాబు ఎలా వచ్చింది? అమ్మాయి చేత సూత్రం బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. దయచేసి వివరించండి."
– ఒక తండ్రి

ఆర్యా,

చిక్కుముడి ఎక్కడుందో మీ ఉత్తరంలో మీరే చూపించారు. దూరాలు సమానం కాబట్టి వేగాలకూ సమానమైన విలువ ఇవ్వాలన్న వాదన వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది, అందుకే బాగా ఆలోచించేవారు కూడా ఇక్కడ తడబడుతుంటారు. కాబట్టి 48 సరైన జవాబని నిరూపించడానికి ముందు, సగటు వేగం అన్న మాటకు మనం ఏ అర్థం చెప్పుకుంటున్నామో తేల్చుకుందాం. ఆ ఒక్కటి స్పష్టమైతే మీ రెండు సందేహాలకూ సమాధానం అందులోనుంచే వస్తుంది.

సగటు వేగం అన్నా, వేగాల సగటు అన్నా ఒకటే అనిపిస్తుంది గాని, ఆ రెండూ వేరు. ఒక బండి దారి పొడవునా వేగం మార్చుకుంటూ ప్రయాణం చేసిందనుకోండి. మరొక బండి అదే క్షణంలో అక్కడినుంచే బయలుదేరి, మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో నడిచి, అదే దారంతా తిరిగి, సరిగ్గా మొదటి బండి ఆగిన క్షణంలోనే ఆగిందనుకోండి. ఆ రెండవ బండి ఏ వేగంతో నడిచిందో, అదే మొదటి బండి సగటు వేగం. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలని పుస్తకాలు చెప్పే నిర్వచనం ఈ రెండవ బండి వేగాన్ని కనుక్కోవడం తప్ప మరేమీ కాదు. ఈ అర్థాన్ని చేతిలో పెట్టుకుంటే, ఎవరు ఏ జవాబు చెప్పినా దానిని మనమే పరీక్షించవచ్చు, పుస్తకం చివరి పేజీలు తిప్పవలసిన అవసరం ఉండదు.

మీ జవాబును అలాగే పరీక్షిద్దాం. లెక్క సులువుగా సాగడానికి ఒకవైపు దూరం 120 కిలోమీటర్లు అనుకుందాం. దూరం ఎంతైనా జవాబు మారదన్న సంగతి తరువాత చూద్దాం. మీ పుస్తకంలోని కారు వెళ్ళడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు, మొత్తం 5 గంటలు పడుతుంది. ఇప్పుడు దాని పక్కన గంటకు 50 కిలోమీటర్ల నిలకడ వేగంతో మరొక కారును నడిపిద్దాం. అది మొత్తం 240 కిలోమీటర్లనూ 4 గంటల 48 నిమిషాల్లోనే ముగిస్తుంది, అంటే మొదటి కారుకన్నా 12 నిమిషాలు ముందే ఇంటికి చేరి నిలబడుతుంది. రెండూ ఒకే క్షణంలో చేరాలన్నది కదా మన నియమం. కాబట్టి 50 అన్నది కొంచెం ఎక్కువ వేగం. గంటకు 48 కిలోమీటర్లతో నడిపితే 240 కిలోమీటర్లకు సరిగ్గా 5 గంటలు పడుతుంది, రెండు కార్లూ ఒకేసారి చేరతాయి.

ఆ 12 నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయో వెతకడం మీ అమ్మాయికి తప్పకుండా నచ్చుతుంది, ఎందుకంటే లెక్కలోని కీలకమంతా అక్కడే దొరుకుతుంది. నిలకడగా 50తో నడిచే కారుకు ఒక్కొక్క వైపు 120 కిలోమీటర్లకు 2 గంటల 24 నిమిషాలు పడుతుంది. వెళ్ళేటప్పుడు మన కారు 2 గంటల్లో చేరింది కాబట్టి, నిలకడ కారు అక్కడ 24 నిమిషాలు వెనకబడింది. తిరిగి వచ్చేటప్పుడు మన కారుకు 3 గంటలు పట్టింది కాబట్టి, నిలకడ కారు ఆ దారిలో 36 నిమిషాలు కలిసివచ్చేలా చేసుకుంది. పోగొట్టుకున్నది 24, సంపాదించుకున్నది 36, మిగిలిన తేడా 12. వేగం 60నుంచి 50కి తగ్గినా, 40నుంచి 50కి పెరిగినా మారినది 10 మాత్రమే, కానీ కాలంలో ఆ రెండు పదులూ ఒకదానికొకటి సరిపోలేదు. నెమ్మదిగా సాగే దారిలో వేగాన్ని 10 పెంచితే ఆదా అయ్యే సమయం, వేగంగా సాగే దారిలో 10 తగ్గించినందువల్ల పోయే సమయంకన్నా ఎక్కువ. 60కీ 40కీ సరిగ్గా మధ్యలో 50 ఉందనుకున్నప్పుడు మనం చూసినది వేగాల మధ్య ఎడాన్ని, ప్రయాణం ఖర్చు పెట్టినది కాలాన్ని.

ఇక మీ మొదటి సందేహానికి నేరుగా వద్దాం. అదే కారులో వెనక సీటులో ఇద్దరు కూర్చున్నారని ఊహించండి. ఇద్దరి చేతుల్లోనూ ఒక్కొక్క నోటు పుస్తకం ఉంది. మొదటివారు గడియారం చూస్తూ ప్రతి నిమిషానికీ ఒకసారి స్పీడోమీటరు చూపే అంకెను రాసుకుంటారు. రెండవవారు గడియారం వైపు చూడరు, దారి పక్కన ప్రతి కిలోమీటరు రాయి దాటినప్పుడల్లా అదే స్పీడోమీటరు అంకెను రాసుకుంటారు. ప్రయాణం ముగిశాక ఇద్దరూ తాము రాసిన అంకెలన్నీ కూడి, ఎన్ని అంకెలున్నాయో ఆ సంఖ్యతో భాగిస్తారు. ఇద్దరూ చూసినది ఒకే ముల్లును, చేసినది ఒకే పని.

మొదటివారి పుస్తకంలో వెళ్ళేటప్పటి 2 గంటలకు 120 సార్లు 60 అన్న అంకె, వచ్చేటప్పటి 3 గంటలకు 180 సార్లు 40 అన్న అంకె ఉంటాయి. కూడితే 7,200 ప్లస్ 7,200, మొత్తం 14,400, దానిని 300తో భాగిస్తే 48. రెండవవారి పుస్తకంలో అటు 120 రాళ్ళకు 120 సార్లు 60, ఇటు అవే 120 రాళ్ళకు 120 సార్లు 40 ఉంటాయి కాబట్టి వారికి 50 వస్తుంది. ఎవరూ లెక్క తప్పు చేయలేదు. దారిలో ఒక రాయిని కళ్ళు మూసుకుని ఎంచుకుంటే అక్కడ కారు ఎంత వేగంతో పోయి ఉంటుందని సగటున ఆశించవచ్చు అన్న ప్రశ్నకు 50 సరైన సమాధానమే. కానీ సగటు వేగం అడిగే ప్రశ్న అది కాదు. గంటకు ఎన్ని కిలోమీటర్లు అన్న మాటలోనే దాని నియమం ఉంది: ఒక్కొక్క గంటా, ఒక్కొక్క నిమిషమూ ఎంతెంత దూరం కలిపాయో అడుగుతున్నాం. నిమిషానికొక అంకె రాసుకున్న మనిషి దగ్గర ప్రతి అంకె వెనకా ఒక నిమిషం ప్రయాణం ఉంది, అందుకే ఆ అంకెల మొత్తంనుంచి ప్రయాణించిన దూరం బయటికి వస్తుంది. రాళ్ళను లెక్కపెట్టిన మనిషి దగ్గర 40 అన్న అంకె వెనక ఒకటిన్నర నిమిషమూ, 60 అన్న అంకె వెనక ఒక్క నిమిషమూ ఉన్నాయి, అయినా ఆ పుస్తకం రెండింటినీ ఒకటిగానే లెక్కించింది.

దూరాలు సమానమైనప్పుడు వేగాలకు సమానమైన విలువ ఇవ్వకూడదా అన్న ప్రశ్నకు సమాధానం ఇదే. వేగాలను సగటు చేసేటప్పుడు వాటికి తూకంగా నిలిచేది కాలం. దూరం సమానంగా ఉండడంవల్లనే కాలాలు అసమానమయ్యాయి. మీరు న్యాయమని అనుకున్న సమానత్వమే తూకాన్ని ఒకవైపు వంచింది. త్రాసు కాడ మీద ఒకచోట 40, మరొకచోట 60 అని గుర్తులు పెట్టి, 40 దగ్గర మూడు గంటల బరువూ, 60 దగ్గర రెండు గంటల బరువూ వేలాడదీస్తే కాడ ఎక్కడ నిలబడుతుందో చూడండి. 48 దగ్గర పట్టుకుంటే ఒకవైపు 8 ఎడంలో 3 బరువు, మరొకవైపు 12 ఎడంలో 2 బరువు ఉంటాయి. రెండు లబ్ధాలూ 24. అందుకే ఇటువంటి ప్రయాణంలో జవాబు ఎప్పుడూ నెమ్మది వేగం వైపే జరుగుతుంది. నెమ్మదిగా వెళ్ళినప్పుడే కదా ఎక్కువసేపు దారిలో ఉంటాం. ఇందులోనే ఒక చక్కని పరీక్ష కూడా దాగి ఉంది: సగటునుంచి రెండు వేగాలకూ ఉన్న ఎడాలు ఆ వేగాల నిష్పత్తిలోనే ఉండాలి. ఇక్కడ ఎడాలు 12, 8. వేగాలు 60, 40. రెండింటి నిష్పత్తీ 3:2.

దూరం చెప్పకుండానే జవాబు రావడం గురించి మీరు అడిగిన రెండవ ప్రశ్న నాకు మరింత ఇష్టమైనది. దానిని అర్థం చేసుకోవడానికి గంటకు ఎన్ని కిలోమీటర్లు అని అడగడం కాసేపు మాని, ఒక కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అని అడుగుదాం. దూరపు పరుగులు సాధన చేసేవారు తమ వేగాన్ని సాధారణంగా ఇలాగే చెప్పుకుంటారు. గంటకు 60 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు 1 నిమిషం. గంటకు 40 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు ఒకటిన్నర నిమిషం. ఇప్పుడు దారిలో ఏదో ఒక్క కిలోమీటరును తీసుకోండి. కారు ఆ కిలోమీటరును వెళ్ళేటప్పుడు ఒకసారి 1 నిమిషంలో దాటింది, వచ్చేటప్పుడు మరొకసారి ఒకటిన్నర నిమిషంలో దాటింది. రెండు కిలోమీటర్లకు రెండున్నర నిమిషాలు, అంటే సగటున కిలోమీటరుకు ఒకటింబావు నిమిషం. దారిలోని ప్రతి కిలోమీటరు సంగతీ అచ్చం ఇంతే కాబట్టి, దారి 5 కిలోమీటర్లు ఉన్నా 500 కిలోమీటర్లు ఉన్నా కిలోమీటరుకు పట్టే సగటు కాలం ఒకటింబావు నిమిషమే. ఒకటింబావు నిమిషానికి ఒక కిలోమీటరు చొప్పున 60 నిమిషాల్లో 48 కిలోమీటర్లు పోతాం. దూరం పెరిగితే ప్రయాణ కాలమూ అదే వంతున పెరుగుతుంది గాని సగటు వేగం మారదు.

ఈ లెక్కలో మనం చేసినది ఏమిటో గమనించారా? 1నీ ఒకటిన్నరనీ కూడి రెండుతో భాగించాం. మీరు మొదట చేసిన పని కూడా కూడి రెండుతో భాగించడమే. అంటే ఆ పనిలో దోషమేమీ లేదు. కిలోమీటర్లు సమానంగా ఉన్నప్పుడు కిలోమీటరుకు పట్టే కాలాలను అలా సగటు చేయవచ్చు, గంటలు సమానంగా ఉన్నప్పుడు గంటకు సాగే దూరాలను అలా సగటు చేయవచ్చు. "గంటకు", "కిలోమీటరుకు" అన్న మాటల్లో ఏది కొలతకు కింద ఉందో అది సమానంగా ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. మీ పుస్తకంలోని ప్రశ్నలో కిలోమీటర్లు సమానం, గంటలు కావు.

సూత్రం కూడా ఇక్కడినుంచే పుడుతుంది. ఒకవైపు దూరం d అనుకుంటే, a వేగంతో వెళ్ళడానికి d/a కాలమూ, b వేగంతో రావడానికి d/b కాలమూ పడతాయి. మొత్తం దూరం 2d. కాబట్టి

సగటు వేగం = 2d / (d/a + d/b) = 2 / (1/a + 1/b) = 2ab/(a+b)

మధ్యలో d ఎలా కొట్టుకుపోయిందో మీ అమ్మాయి చేత స్వయంగా చేయించండి. పైన మనం ఒక్క కిలోమీటరును తీసుకుని చేసిన ఆలోచనే అక్కడ అక్షరాల్లో కనిపిస్తుంది. రెండు సంఖ్యల వ్యుత్క్రమాలను సగటు చేసి, వచ్చినదానికి మళ్ళీ వ్యుత్క్రమం తీసుకోవడాన్ని హరాత్మక మధ్యమం అంటారు. పేరు పెద్దదైనా పని మనం చేసినదే: వేగాన్ని కిలోమీటరుకు పట్టే కాలంగా మార్చడం, సగటు చేయడం, తిరిగి వేగంగా మార్చడం.

మామూలు సగటుకూ ఈ సగటుకూ ఎంత తేడా వస్తుందో కూడా ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆ తేడా (a−b)²/(2(a+b)). మీ ప్రశ్నలో 20 వర్గం 400, దానిని 200తో భాగిస్తే 2. పైన ఉన్నది వర్గం కాబట్టి ఈ తేడా ఎన్నడూ రుణాత్మకం కాదు, రెండు వేగాలూ ఒకటే అయినప్పుడు మాత్రమే సున్న అవుతుంది. అంటే సమాన దూరాల ప్రయాణంలో మామూలు సగటు ఎప్పుడూ అసలు సగటు వేగంకన్నా ఎక్కువే చూపుతుంది, తక్కువ చూపడం జరగదు. వేగాలు దగ్గరదగ్గరగా ఉంటే ఆ తప్పు కంటికి ఆనదు. 52, 48 అయితే తేడా 0.08 మాత్రమే. అదే 90, 10 అయితే మామూలు సగటు 50 వద్దే ఉంటుంది గాని అసలు సగటు వేగం 18కి పడిపోతుంది. నిత్యజీవితంలో ఈ పొరపాటు చాలాకాలం పట్టుబడకుండా ఉండడానికి కారణం ఇదేనని నేననుకుంటాను, మనం పోల్చే వేగాలు తరచుగా దగ్గరదగ్గరగా ఉంటాయి.

సూత్రాన్ని బట్టీ పట్టించడం ఇష్టం లేదన్న మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఎన్నో ఏళ్ళు లెక్కలు చెప్పినవాడిగా నేను చూసినదేమిటంటే, ఈ సూత్రాన్ని మాత్రమే నేర్చుకున్న పిల్లలు ప్రశ్న కాస్త పక్కకు జరిగినా దానినే ప్రయోగిస్తారు. ఉదాహరణకు, వెళ్ళిన దారి 90 కిలోమీటర్లు, వచ్చిన దారి వేరు, అది 100 కిలోమీటర్లు, వేగాలు అవే 60, 40 అనుకోండి. ఇది కూడా రానూపోనూ ప్రయాణమే, కానీ దూరాలు సమానం కావు కాబట్టి సూత్రం ఇక్కడ పనికిరాదు. వెళ్ళడానికి ఒకటిన్నర గంట, రావడానికి రెండున్నర గంటలు, మొత్తం 190 కిలోమీటర్లకు 4 గంటలు, సగటు వేగం 47.5. అలాగే దారిని మూడు సమాన భాగాలుగా చేసి 60, 40, 30 వేగాలతో నడిచారంటే, కొందరు మొదటి రెండింటికి 48 కనుక్కుని, 48నీ 30నీ మళ్ళీ అదే సూత్రంలో వేసి 36.9 అని చెబుతారు. 48 అన్నది రెండు భాగాల దూరానికి వచ్చిన సంఖ్య, 30 ఒక్క భాగానిది, వాటిని సమానంగా కలపకూడదు. కిలోమీటరుకు పట్టే కాలాలు 1, 1.5, 2 నిమిషాలు. మూడు కిలోమీటర్లకు 4.5 నిమిషాలు, ఒక్కోదానికి ఒకటిన్నర, అంటే గంటకు 40 కిలోమీటర్లు. మొత్తం దూరం, మొత్తం కాలం అన్న నిర్వచనాన్ని పట్టుకున్న పిల్లలకు ఈ రెండు ప్రశ్నలూ కొత్తవిగా అనిపించవు.

ఇక్కడ మాటల గురించి ఒక చిన్న హెచ్చరిక చేయాలి, ఎందుకంటే పై తరగతుల్లో మీ అమ్మాయికి ఇది అడ్డు రావచ్చు. అంకగణిత పుస్తకాలు వేగం అనే దానిని భౌతికశాస్త్ర పుస్తకాలు వడి అంటాయి. అక్కడ వేగం అన్న మాటను దిశతో కూడిన రాశికి కేటాయించారు. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చిన కారు స్థానభ్రంశం సున్న కాబట్టి, భౌతికశాస్త్రం లెక్కలో ఈ ప్రయాణపు సరాసరి వేగం సున్న, సరాసరి వడి 48. రెండు పుస్తకాలు రెండు జవాబులు చెబుతున్నాయని ఆమె కంగారు పడకుండా ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇంతవరకు 2 కిలోమీటర్ల తేడా గురించి మాట్లాడుకున్నాం. కానీ కూడి రెండుతో భాగించడం కొన్నిచోట్ల అసాధ్యమైన జవాబునే ఇస్తుంది, ఆ సంగతి తెలిస్తే ఈ పొరపాటు మళ్ళీ దరిచేరదు. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త మాక్స్ వెర్‌తైమర్ 1930లలో తన మిత్రుడు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు ఉత్తరంలో ఒక పొడుపు లెక్క పంపాడు. ఒక పాత కారు ఒక మైలు కొండ ఎక్కి, ఒక మైలు దిగాలి. ఎక్కేటప్పుడు గంటకు 15 మైళ్ళకన్నా వేగంగా పోలేదు. మొత్తం రెండు మైళ్ళకూ సగటున గంటకు 30 మైళ్ళు రావాలంటే దిగేటప్పుడు ఎంత వేగంతో పోవాలి? మామూలు సగటు అలవాటున్న మనసు వెంటనే 45 అంటుంది, 15కూ 45కూ మధ్యలో 30 ఉంది కదా అని. అయితే గంటకు 30 మైళ్ళ చొప్పున రెండు మైళ్ళు పోవడానికి మొత్తం 4 నిమిషాలే ఉన్నాయి, గంటకు 15 మైళ్ళతో ఒక మైలు ఎక్కడానికే ఆ 4 నిమిషాలూ అయిపోయాయి. దిగడానికి ఒక్క క్షణం కూడా మిగలలేదు. ఏ వేగంతో దిగినా ఆ సగటు రాదు. లెక్క వేసి చూసేదాకా దిగడానికి సమయమే లేదన్న సంగతి తనకు తట్టలేదని ఐన్‌స్టీన్ ఆయనకు జవాబు రాశాడు.

ఈ ప్రశ్నలో బయటపడే హద్దు అన్ని రానూపోనూ ప్రయాణాలకూ వర్తిస్తుంది. సమాన దూరాల్లో ఒక సగం నెమ్మదిగా గడిచిపోయాక, రెండవ సగంలో ఎంత వేగంగా పోయినా మొత్తం సగటు ఆ నెమ్మది వేగానికి రెండింతలను అందుకోలేదు. మీ పుస్తకంలోని కారు నలభైతో ఒకవైపు నడిచింది కాబట్టి, మరొకవైపు ఏమి చేసినా దాని సగటు 80ని చేరదు. మరోవైపు 120తో పోతే సగటు 60, 360తో పోగలిగినా 72. జవాబు వచ్చాక దీనితో ఒకసారి సరిచూసుకోవచ్చు: వచ్చిన సంఖ్య రెండు వేగాల మధ్య ఉండాలి, వాటి మామూలు సగటుకన్నా తక్కువ ఉండాలి, నెమ్మది వేగానికి రెండింతలకన్నా తక్కువ ఉండాలి.

అయితే 50 అన్న జవాబు సరైనది అయ్యే ప్రశ్న కూడా ఉంది, దానిని మీ అమ్మాయికి మొదటి ప్రశ్న పక్కనే ఇవ్వాలని నా సలహా. ఒక కారు రెండున్నర గంటలు 60 వేగంతోనూ, ఆ తరువాత రెండున్నర గంటలు 40 వేగంతోనూ నడిచింది, సగటు వేగమెంత? 150 ప్లస్ 100, మొత్తం 250 కిలోమీటర్లకు 5 గంటలు, కాబట్టి 50. రెండు ప్రశ్నల్లోనూ అవే వేగాలు, అవే 5 గంటలు, అయినా ఒకదానిలో కారు 240 కిలోమీటర్లు పోయింది, మరొకదానిలో 250. మొదటి ప్రయాణంలో నెమ్మది వేగం మరొక అరగంట ఎక్కువ సాగింది, ఆ అరగంటలో 30 బదులు 20 కిలోమీటర్లే నడిచింది, అందుకే ఆ 10 కిలోమీటర్ల తేడా. "సగం దూరం" అన్న మాటకూ "సగం సమయం" అన్న మాటకూ ఎంత ఎడముందో ఈ జంట ప్రశ్నలు చూపించినంత స్పష్టంగా ఏ వివరణా చూపించలేదు.

కాగితం పక్కన పెట్టి ఆమెను బయటికి తీసుకువెళ్ళగలిగితే ఒక పని చేయండి. 60 మీటర్ల దూరం కొలిచి రెండు చివరలా గుర్తులు పెట్టండి. ఆమెను సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున నింపాదిగా అవతలి గుర్తుదాకా నడవమనండి, అంటే ఆ దూరానికి 60 సెకన్లు పట్టేలా. అక్కడినుంచి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో పరుగెత్తుకుంటూ వెనక్కి రమ్మనండి. అది దాదాపు 20 సెకన్ల పని. బయలుదేరే ముందే, 1కీ 3కీ సగటు 2 కాబట్టి 120 మీటర్లకు మొత్తం ఎన్ని సెకన్లు పట్టాలో ఆమె చేతనే చెప్పించి రాయించండి. ఆమె 60 అని రాస్తుంది. తరువాత నడవమని, ఆమె అవతలి గుర్తును ముట్టుకున్న క్షణంలో గడియారం చూపే సంఖ్యను గట్టిగా చదివి వినిపించండి. తాను రాసిన 60 సెకన్లూ అయిపోయాయనీ, వెనక్కి పరుగెత్తవలసిన 60 మీటర్లూ ఇంకా ముందే ఉన్నాయనీ ఆమెకే కనిపిస్తుంది.